గ్రీన్ స్క్రీన్‌లో జుట్టు చుట్టూ ఆకుపచ్చ అంచు రాకుండా ఎలా చేయాలి

గ్రీన్ స్క్రీన్ ముందు తీసిన వీడియోలో భుజాలు, చేతులు, చొక్కా అంచులు దాదాపు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా శుభ్రంగానే తెగుతాయి. ఇబ్బంది పెట్టేది జుట్టు. తల చుట్టూ సన్నని ఆకుపచ్చ గీత మెరుస్తుంది, లేదంటే జుట్టు కత్తెరతో కత్తిరించిన అట్టముక్కలా కనిపిస్తుంది. చూసేవాళ్లకు ఏం తేడా ఉందో చెప్పడం రాకపోయినా, ఏదో అతికించినట్టుందని వెంటనే తెలిసిపోతుంది.

నా స్నేహితురాలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. ఆమెది ఒత్తైన రింగుల జుట్టు, వదులుగా వదిలేస్తుంది. మొదటిసారి తనకు వీడియో తీసినప్పుడు గుడ్డకు రెండడుగుల దూరంలో నిలబెట్టాను. ఉన్న రెండు లైట్లనూ ముఖానికే పెట్టాను. ఎడిటింగ్‌లో కూర్చుంటే తల చుట్టూ అంతా ఆకుపచ్చే. అది పోయేదాకా అంచును లోపలికి కుదించుకుంటూ పోయాను. ఆకుపచ్చ పోయింది, దాంతోపాటు రింగులూ పోయాయి. తలకు హెల్మెట్ పెట్టినట్టు తయారైంది. ఆ పాఠం మొత్తం మళ్లీ తీయాల్సి వచ్చింది. రెండోసారి అదే గుడ్డ, అదే ఫోను. మార్చినవి దూరం, లైట్ల అమరిక, కెమెరా సెట్టింగులు, ఎడిటింగ్‌లో పని చేసే వరస. ఈసారి ముఖం పక్కన ఒంటరిగా వేలాడే వెంట్రుక కూడా నిలిచింది.

ఆ రెండోసారి చేసిన పద్ధతే ఇక్కడ వివరంగా చెబుతున్నాను. ముందుగా వెంట్రుక దగ్గర అసలేం జరుగుతుందో అర్థమైతే మిగతా అడుగులన్నీ ఎందుకో వాటంతటవే తెలుస్తాయి.

ఒక్క పిక్సెల్‌ను దగ్గరగా చూద్దాం

చాలా షాట్లలో వెంట్రుక మందం ఒక పిక్సెల్ కంటే తక్కువ. అంటే తల అంచున ఉన్న పిక్సెల్‌లో కొంత వెంట్రుక, కొంత వెనక గుడ్డ కలిసిపోయి ఉంటాయి. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో నల్లటి జుట్టు రంగు ఎరుపు 40, ఆకుపచ్చ 30, నీలం 25 అనుకుందాం. వెనక గుడ్డ రంగు 60, 180, 70. పిక్సెల్‌లో వెంట్రుక 40 శాతం, గుడ్డ 60 శాతం ఉంటే కెమెరాకు వచ్చే రంగు సుమారుగా 52, 120, 52. అది జుట్టూ కాదు, గుడ్డా కాదు, ముదురు ఆకుపచ్చ.

బ్యాక్‌గ్రౌండ్ రంగును గుర్తించి తీసేసే టూల్‌ను కీయర్ అంటారు. ఈ పిక్సెల్‌తో అది చేయాల్సిన పనులు రెండు. మొదటిది, ఇందులో ఎంత భాగం పారదర్శకంగా మారాలో లెక్క కట్టడం. రెండోది, మిగిలిన రంగులోంచి ఆకుపచ్చను తీసేయడం. మొదటి దాని ఫలితాన్ని మ్యాట్ అంటారు, రెండో దాన్ని డీస్పిల్ అంటారు. మా మొదటి వీడియోలో నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. రంగు సమస్యను మ్యాట్‌తో సరిచేయబోయాను. అంచున ఆకుపచ్చ కనిపించినప్పుడు అక్కడున్న వెంట్రుకను తీసేయాల్సిన పని లేదు, దాని రంగు మారిస్తే చాలు.

మ్యాట్ లెక్క ఎలా వస్తుందో కూడా చూడండి. చాలా కీయర్లు చేసే పని సులభంగా చెప్పాలంటే ఇది: మిగతా రెండు రంగుల్లో పెద్దదాని కంటే ఆకుపచ్చ ఎంత ఎక్కువుందో చూస్తాయి. గుడ్డలో 180 నుంచి 70 తీసేస్తే 110. అది పూర్తి పారదర్శకం. మన వెంట్రుక పిక్సెల్‌లో 120 నుంచి 52 తీసేస్తే 68. 110లో 68 అంటే 62 శాతం. అసలు సంఖ్య 60, అంటే కీయర్ బాగానే పట్టుకుంది.

ఇప్పుడు గుడ్డ మీద ఒక ముడత ఉంది, ఆ నీడలో రంగు 35, 100, 40కి పడిపోయింది అనుకోండి. తేడా 60. 110లో 60 అంటే దాదాపు 55 శాతం. అంటే ఆ ముడత సగమే మాయమవుతుంది, కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద బూడిద రంగు మరకలా మిగులుతుంది. మీరు ఆ మరక పోవాలని కీయర్‌ను గట్టిగా తిప్పుతారు, అంటే "54 శాతం దాటినదంతా పూర్తిగా తీసేయ్" అని చెబుతారు. మరక పోతుంది. కానీ మన వెంట్రుక పిక్సెల్ 62 దగ్గరుంది కదా, అదీ పోతుంది.

గుడ్డ మీద ముడతలు, నీడలు ఎందుకు ఉండకూడదంటే ఇందుకే. అవి మిగిలి కనిపిస్తాయని మాత్రమే కాదు, వాటిని తుడిచే ప్రయత్నంలో జుట్టు పోతుంది. ఈ మాట గుర్తుంటే గుడ్డ బిగించడానికి పెట్టే ఇరవై నిమిషాలు విసుగనిపించవు.

అడుగు 1: గుడ్డ ఎంచుకోవడం, బిగించడం

గుడ్డలో చూడాల్సింది ముఖ్యంగా ఒక్కటే, అది మెరవకూడదు. శాటిన్ లాంటి నిగనిగలాడే గుడ్డ ఎంత మంచి రంగులో ఉన్నా లైటు పడ్డ చోట తెల్లగా మెరుస్తుంది, ఆ చోట ఆకుపచ్చే ఉండదు. మందపాటి కాటన్ మంచిదే, కానీ తొందరగా ముడత పడుతుంది. కొద్దిగా సాగే పాలిస్టర్ గుడ్డ మాలాంటి వాళ్లకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే నాలుగు వైపులా లాగి క్లిప్పులు పెడితే ముడతలు దాదాపుగా పోతాయి. గుడ్డను కిటికీ వైపు పట్టుకుని చూడండి. వెలుతురు ఇవతలికి బాగా తెలుస్తుంటే అది పలచన, వెనకున్న గోడ రంగు, అతుకులు కెమెరాకు కనిపిస్తాయి. రెండు మడతలుగా వేసుకోండి, లేదా వేరేది చూడండి.

ఆకుపచ్చే ఎందుకంటే, మామూలు డిజిటల్ కెమెరా సెన్సర్లలో వెలుతురును పట్టే ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చను చదివేవే ఉంటాయి. అందుకే ఆ రంగులో వివరం ఎక్కువ, నాయిస్ తక్కువ. మనిషి ఆకుపచ్చ బట్టలు వేసుకోక తప్పనప్పుడు నీలం గుడ్డ వాడవచ్చు, దానికి వెలుతురు కొంచెం ఎక్కువ కావాలి.

గుడ్డ ఎంత పెద్దది కావాలన్నది లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది. మేం తీసిన గది పన్నెండున్నర అడుగుల పొడవు. కెమెరా నుంచి మనిషికి 6 అడుగులు, మనిషి నుంచి గుడ్డకు మరో 6. మనిషి దగ్గర ఫ్రేములో 4 అడుగుల వెడల్పు పడితే, రెట్టింపు దూరంలో ఉన్న గుడ్డ దగ్గర 8 అడుగులు పడుతుంది. మా దగ్గర అంత వెడల్పు గుడ్డ లేదు, 7 అడుగులే. అది చాలింది. ఎందుకంటే ఆకుపచ్చ ఫ్రేమంతా నిండనక్కర్లేదు. ఆమె చేతులు చాపినా మనిషి దగ్గర 3 అడుగులు దాటవు, అంటే గుడ్డ మీద 6 అడుగులు. తల, చేతులు ఆ గుడ్డ దాటి బయటికి పోకుండా ఉంటే చాలు, మిగతా గోడను ఎడిటింగ్‌లో గీత గీసి తీసేయవచ్చు.

ఇస్త్రీ చేసి, మడత పెట్టకుండా చుట్టచుట్టి గదిలోకి తీసుకురండి. పైన పైపుకు క్లిప్పులు పెట్టి, కిందా పక్కలా కూడా లాగి బిగించండి. ఇంకా మిగిలిన ముడతల మీద కాటన్ అయితే కాస్త నీళ్లు తుంపరగా చల్లి, చేత్తో దువ్వి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే తీయాలి, తడి మచ్చ ముదురుగా కనిపిస్తుంది. తల వెనక వచ్చే మధ్య భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కింది మూల్లో ఒక చిన్న ముడత ఉన్నా దాని ముందు జుట్టు రాదు కాబట్టి కొంప మునగదు.

అడుగు 2: మనిషిని ముందుకు తీసుకురావడం

ఉన్నవాటిలో ఖర్చు లేని మార్పు ఇదే, ఫలితం మాత్రం అన్నిటికంటే ఎక్కువ. గుడ్డ మీద పడ్డ వెలుతురు ఆకుపచ్చగా మారి వెనక్కి చిమ్ముతుంది. దాన్నే స్పిల్ అంటారు. అది భుజాల మీద, మెడ పక్కన, అన్నిటికంటే ఎక్కువగా జుట్టు అంచుల మీద పడుతుంది. నూనె రాసినట్టు నిగనిగలాడే జుట్టయితే అద్దంలా పట్టుకుంటుంది. మనిషి గుడ్డకు దూరం జరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. 6 అడుగులుంటే చాలా వరకు సరిపోతుంది. గది చిన్నదైతే 4 అడుగులైనా ఉండేలా చూడండి. దూరం వల్ల ఇంకో రెండు లాభాలున్నాయి. ముఖానికి పెట్టిన లైటు వల్ల పడే నీడ గుడ్డ మీదికి పోకుండా కిందికి దిగిపోతుంది. గుడ్డ కొంచెం ఫోకస్ తప్పి, మిగిలిన సన్న ముడతలు కలిసిపోతాయి.

స్పిల్ ఎంతుందో చూడటానికి ఒక తెల్ల కాగితం చాలు. మనిషిని నిలబడ్డ చోటే ఉంచి, చెవి పక్కన కాగితాన్ని నిలువుగా, ఒక ముఖం కాస్త గుడ్డ వైపు తిరిగేలా పట్టుకోమనండి. కెమెరాకు కనిపిస్తున్న మేర ఆ ముఖం లేత ఆకుపచ్చగా ఉందా? అయితే జుట్టు మీదా అంతే పడుతోంది. మేం 2 అడుగుల దగ్గర పట్టిన కాగితం చిలకపచ్చగా కనిపించింది. 6 అడుగుల దగ్గర పట్టినది మామూలు తెలుపు కంటే ఒక్క రవ్వ మాత్రం తేడాగా ఉంది.

గుడ్డ నేల మీదికి కూడా పరుచుకుని ఉంటే, మోకాళ్ల పైవరకే తీస్తున్నప్పుడు ఆ కింది భాగాన్ని మడిచేయండి. ఫ్రేములోకి రాని ఆకుపచ్చ అంతా ఉత్త స్పిల్లే, గడ్డం కింద కనిపించే ఆకుపచ్చ తరచు అక్కడినుంచే వస్తుంది.

అడుగు 3: గుడ్డకు వేరే లైట్లు, మనిషికి వేరే లైట్లు

ఒకే లైటు రెంటికీ చాలదా అని చాలామంది అడుగుతారు. ముఖం లైటును ముఖానికి నప్పేలా జరుపుతాం, గుడ్డకు కావాల్సింది అంతటా ఒకేలా ఉండే వెలుతురు. ఈ రెండూ ఒకే దీపంతో కుదరవు.

గుడ్డకు ఒకే రకం లైట్లు రెండు తీసుకోండి. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, గుడ్డకు నాలుగడుగుల ముందు, ఫ్రేముకు బయట. ఎడమ లైటును గుడ్డ కుడి సగం వైపు, కుడి లైటును ఎడమ సగం వైపు తిప్పండి. కారణం ఇది. లైటుకు దగ్గరున్న అంచు బాగా వెలుగుతుంది, దూరం పెరిగేకొద్దీ వెలుతురు వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. ఎదురెదురుగా దూరపు సగాల వైపు తిప్పితే ఒకదాని లోటు రెండోది పూడుస్తుంది. లైట్ల ముందు తెల్లటి పలుచటి గుడ్డో సాఫ్ట్‌బాక్సో ఉంటే మధ్యలో మచ్చలా పడకుండా వెలుతురు పరుచుకుంటుంది. వేడెక్కే దీపాలైతే గుడ్డను వాటికి తగలనివ్వద్దు.

వెలుతురు సమంగా పడిందో లేదో కంటితో తేల్చుకోవద్దు, కన్ను తేడాలను తనంతట తానే సర్దుకుంటుంది. కెమెరా ఉన్న చోటినుంచి ఒక ఫ్రేము తీసి, ఫోన్లోనే ఫోటో ఎడిటర్‌లో కాంట్రాస్ట్ చివరిదాకా పెంచండి. అప్పటిదాకా ఒకే రంగులా కనిపించిన గుడ్డ మీద మచ్చలు, చారలు బయటపడతాయి. లైట్లు ఏ వైపు జరపాలో ఆ చిత్రమే చెబుతుంది. కంప్యూటర్ దగ్గరుంటే ఐడ్రాపర్‌తో తల వెనక మధ్యలో, ఎడమ, కుడి, పైన నాలుగు చోట్ల ఆకుపచ్చ విలువ చూడండి. 175, 182, 168, 171 లాంటి సంఖ్యలు వస్తే నిశ్చింతగా ముందుకెళ్లండి. మధ్యలో 190, పక్కన 110 వస్తే పైన చెప్పిన ముడత లెక్కే మళ్లీ మొదలవుతుంది.

గుడ్డను మరీ వెలిగించవద్దు. ఎక్కువ వెలుగు అంటే ఎక్కువ స్పిల్, పైగా బాగా వెలిగితే ఆకుపచ్చ తేలిపోయి తెల్లబడుతుంది. ముఖం మీద పడే వెలుతురుతో సమానంగానో, కొంచెం తక్కువగానో ఉంటే చాలు. కెమెరాలో వెలుతురు స్థాయిని గ్రాఫ్‌గా చూపే వేవ్‌ఫామ్ చూసే వీలుంటే గుడ్డ గీత 40 నుంచి 50 శాతం మధ్య, సన్నగా, చదునుగా ఉండేలా చూసుకోండి. ఆ గీత మందంగా ఉన్నా, ఒక పక్కకు వాలినా వెలుతురు సమంగా లేదని అర్థం.

గుడ్డ లైట్లు, ముఖం లైటు కాక ఇంకోటి ఉంటే మనిషి వెనక, పైనుంచి, ఫ్రేముకు అందకుండా, జుట్టు మీదికి పెట్టండి. ఈ వెలుతురు జుట్టు అంచు మీద పడ్డ లేత ఆకుపచ్చను కప్పేస్తుంది. అయితే తరవాత పెట్టబోయే బ్యాక్‌గ్రౌండ్‌ను ముందే నిర్ణయించుకోండి. వెనక కిటికీ ఉన్న గది అయితే ఈ లైటు సహజంగా కుదురుతుంది. మసక చీకటి గది పెట్టబోతుంటే జుట్టు అంచు మెరవడం వింతగా ఉంటుంది, అప్పుడు బాగా తగ్గించండి.

అడుగు 4: కెమెరాలో మార్చాల్సినవి

అందంగా చూపించే మోడ్లు, వెనకభాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అవి జుట్టు అంచును కెమెరాలోనే పాడుచేస్తాయి. షార్ప్‌నెస్ తగ్గించే వీలుంటే పూర్తిగా తగ్గించండి. కృత్రిమంగా పెంచిన షార్ప్‌నెస్ ప్రతి వెంట్రుక పక్కనా ఒక లేత గీత గీస్తుంది, దాన్ని కీయర్ ఏం చేయాలో తెలియక వదిలేస్తుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ లాక్ చేయండి. లేకపోతే మనిషి కదిలినప్పుడల్లా గుడ్డ రంగు కొద్దికొద్దిగా మారి, ఒకచోట కుదిరిన కీ ఇంకోచోట కుదరదు. ISO వీలైనంత తక్కువ, షటర్ 1/100 దగ్గర. మరీ నెమ్మది షటర్‌లో తల తిప్పినప్పుడు జుట్టంతా ఆకుపచ్చతో కలిసి పులిమినట్టవుతుంది.

చివరి వీడియో 1080 అయినా సరే, తీసేటప్పుడు 4Kలో తీయండి. ఫోన్లు, మామూలు కెమెరాలు రంగు సమాచారాన్ని కుదించి దాస్తాయి, నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు నమూనా ఉంటుంది. కీయింగ్ నడిచేదే రంగు మీద కాబట్టి 1080లో తీసినప్పుడు వెంట్రుకలు మెట్లు మెట్లుగా తెగుతాయి. 4Kలో తీసి సగానికి దించితే ప్రతి పిక్సెల్‌కూ తన రంగు తనకు దొరుకుతుంది. మా రెండో ప్రయత్నంలో కళ్లు తెరిపించిన మార్పు ఇది, అదే ఫోను ఇంత తేడా చూపుతుందని నేననుకోలేదు.

చివరగా, మనిషి ఫ్రేములోకి రాకముందు ఖాళీ గుడ్డను ఐదు సెకన్లు రికార్డు చేయండి. కెమెరా కదలకూడదు, లైట్లు మార్చకూడదు. దీన్ని క్లీన్ ప్లేట్ అంటారు. ఇదెందుకో కిందే వస్తుంది.

అడుగు 5: బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం

ఉచితంగా దొరికే DaVinci Resolveలో చెబుతాను. వేరే సాఫ్ట్‌వేర్‌లో పేర్లు మారతాయి, వరస మారదు. కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ను V1 ట్రాక్ మీద, మీ షాట్‌ను V2 మీద పెట్టండి. V2 క్లిప్ మీద ఉండి Fusion పేజీకి వెళ్లండి. MediaIn1 ను సెలెక్ట్ చేసి, Shift+Space నొక్కి, Delta Keyer వెతికి చేర్చండి.

ముందు రంగు ఎంపిక. Background Color ఐడ్రాపర్‌ను జుట్టుకు దగ్గరగా ఉన్న గుడ్డ మీదికి లాగండి, దూరపు మూలకు కాదు. అక్కడ సరిగ్గా కుదిరితే చాలు. వెంటనే గుడ్డ చాలా మటుకు మాయమవుతుంది. ఈ క్షణంలో కనిపించే ఆకుపచ్చ అంచును చూసి కంగారు పడి ఏదీ తిప్పవద్దు. దాని సంగతి తరవాతి అడుగులో.

ఇప్పుడు వ్యూయర్ మీద క్లిక్ చేసి A నొక్కండి. నలుపు తెలుపుల్లో మ్యాట్ కనిపిస్తుంది. తెల్లనిది ఉండేది, నల్లనిది పోయేది, బూడిద రంగు సగం సగం. మంచి మ్యాట్‌లో ముఖం, ఒళ్లు నిండు తెలుపు, గుడ్డ నిండు నలుపు, జుట్టు అంచు మాత్రం బూడిద రంగుల్లో మెల్లగా కరిగిపోతూ ఉండాలి. ఆ బూడిద రంగే మన వెంట్రుకలు.

Matte ట్యాబ్‌లో Threshold అని ఉంటుంది. కింది కొసను కొద్దిగా కదిపితే గుడ్డ మీది మిగులు నల్లబడుతుంది, పై కొసను కదిపితే ఒంటి మీది చిల్లులు తెల్లబడతాయి. రెంటినీ అవసరమైనంత వరకే కదపండి. కదుపుతున్నంత సేపూ జుట్టు అంచునే చూస్తూ ఉండండి. బూడిద పోగులు ఒక్కొక్కటిగా మాయమవడం మొదలైందంటే అక్కడే ఆగి, ఒక అడుగు వెనక్కి రండి.

గుడ్డ మూలల్లో ఇంకా మరకలుంటే Threshold తో తుడవవద్దు. Polygon తో మనిషి చుట్టూ వదులుగా ఒక గీత గీసి Delta Keyer లోని Garbage Matte కు కలపండి, తీసేయాల్సింది గీత బయట కాబట్టి Polygon లో Invert పెట్టండి. అలాగే చొక్కా మధ్యలో చిల్లులుంటే ఒంటి లోపల ఇంకో Polygon గీసి Solid Matte కు కలపండి. జుట్టుకు రెండు మూడు వేళ్ల మందం లోపలే గీయండి. ఇలా చేశాక కీయర్ చూసుకోవాల్సింది తల చుట్టూ ఉన్న సన్నని పట్టీ ఒక్కటే, దాంతో దాన్ని ఎంతో మెత్తగా ఉంచవచ్చు. జుట్టు నిలబెట్టే కిటుకు నా మటుకు నాకు ఇదే.

గుడ్డ వెలుతురు కాస్త అసమానంగానే మిగిలిపోయిందా? అప్పుడు ఆ ఖాళీ గుడ్డ క్లిప్‌లోని ఒక ఫ్రేమును Delta Keyer లోని Clean Plate ఇన్‌పుట్‌కు ఇవ్వండి. అప్పుడు కీయర్ గుడ్డంతటినీ ఒకే రంగుగా అనుకోకుండా, ఏ చోట గుడ్డ అసలు రంగేదో ఆ చోటు ప్రకారం లెక్క కడుతుంది. ముడత నీడ 100 అయితే దాన్ని 100 తోనే పోలుస్తుంది. మరక పోతుంది, వెంట్రుక ఉంటుంది. కెమెరా కదిలిన షాట్‌కు మాత్రం ఇది పనికిరాదు.

Threshold వల్ల అంచు కాస్త గట్టిపడితే అదే ట్యాబ్‌లో Restore Fringe ను కొద్దిగా పెంచండి, పోయిన పోగులు కొన్ని తిరిగొస్తాయి. Erode/Dilate ను ఆకుపచ్చ తీయడానికి వాడవద్దు. నా మొదటి వీడియోను హెల్మెట్ చేసింది అదే.

అడుగు 6: ఆకుపచ్చను రంగులోంచి తీయడం

C నొక్కి మళ్లీ రంగుల్లోకి రండి. తల చుట్టూ ఆకుపచ్చ ఉంటుంది, ఉండాలి కూడా. Fringe ట్యాబ్‌లో Spill Method ఉంది. Rare నుంచి Burnt దాకా ఒక్కో మెట్టు పెరుగుతుంది. ఒక్కొక్కటే పెంచుకుంటూ వెళ్లి ఆకుపచ్చ పోయిన మొదటి మెట్టు దగ్గర ఆగండి.

ఇది లోపల చేసే పని మూలసూత్రం చాలా చిన్నది:

```
G = min(G, (R + B) / 2)
```

మన వెంట్రుక పిక్సెల్ 52, 120, 52 కదా. ఎరుపు, నీలాల సగటు 52. ఆకుపచ్చ 120 నుంచి 52కు దిగుతుంది. ముదురు ఆకుపచ్చ పిక్సెల్ ముదురు బూడిదగా మారింది, మ్యాట్‌ను ముట్టుకోనే లేదు. పోగు అలాగే ఉంది.

రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అసలు జుట్టు రంగు 30 దగ్గరుంటే మనకు వచ్చింది 52, అంటే కొంచెం లేత. వెలుతురున్న బ్యాక్‌గ్రౌండ్ మీద ఇది కనిపించదు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద మాత్రం తల చుట్టూ బూడిద పొగలా తెలుస్తుంది. అలా వస్తే అంచు రంగును కొంచెం ముదురు చేయాలి, లేదా కాస్త వెలుతురున్న బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోవాలి. నేను రెండోదే ఎంచుకుంటాను, పని తక్కువ, ఫలితం సహజం. రెండోది, డీస్పిల్ ఎక్కువైతే చర్మం గులాబీ వైపు తిరుగుతుంది, పసుపు బట్టలు నారింజ రంగులోకి పోతాయి. బుగ్గ రంగును ముందూ వెనకా పోల్చి చూడండి. తేడా వస్తే ఒక మెట్టు తగ్గించి, మిగిలిన కొద్దిపాటి ఆకుపచ్చను అదే ట్యాబ్‌లోని Magenta/Green స్లైడర్‌తో సవరించండి.

లైవ్‌లో అయితే

లైవ్ స్ట్రీమింగ్‌కు వాడే OBS లో ఇన్ని దశలుండవు, Chroma Key ఫిల్టర్‌లో ముఖ్యంగా మూడు స్లైడర్లతో సరిపెట్టుకోవాలి. Similarity ని గుడ్డ మళ్లీ కనిపించేదాకా తగ్గించి, అది పోయే చోటికి మాత్రమే పెంచండి. మొదటి నుంచే ఎక్కువ పెట్టుకుంటే జుట్టు పోతుంది. Smoothness అంచును మెత్తబరుస్తుంది. ఆకుపచ్చ కోసం Key Color Spill Reduction ను వాడండి, Similarity ని కాదు. లైవ్‌లో తరవాత సరిచేసే అవకాశం లేదు కాబట్టి దూరం, లైట్ల దగ్గర రాజీ పడకండి. వదులు జుట్టును వెనక్కి ముడివేస్తే సగం సమస్య తగ్గుతుంది.

అడుగు 7: చివరి పరీక్ష

ఎప్పుడూ అసలు బ్యాక్‌గ్రౌండ్ పెట్టే చూడండి. నల్లటి ఖాళీ తెర మీద బాగున్న కీ తెల్ల గోడ మీద బయటపడవచ్చు. ఆగి ఉన్న ఫ్రేముతో సరిపెట్టుకోవద్దు. మనిషి తల వేగంగా తిప్పిన చోటుకు వెళ్లి, 200 శాతం పెద్దది చేసి, ఆడించి చూడండి.

అంచు మీద చీమలు పాకినట్టు పోగులు మిణుకుమిణుకుమంటుంటే అది నాయిస్. Delta Keyer లోని Pre-Blur ను చాలా కొద్దిగా పెంచితే తగ్గుతుంది, అది మ్యాట్ లెక్కను మాత్రమే మెత్తబరుస్తుంది. తల తిప్పినప్పుడు మాత్రమే ఆకుపచ్చ మెరుపు వస్తుంటే ఆ కొన్ని ఫ్రేముల్లో Spill Method ఒక మెట్టు పెంచిన కాపీని వాడండి. ఒక వైపు చెవి పక్కనే ఎప్పుడూ ఆకుపచ్చ ఉంటే తప్పు ఎడిటింగ్‌లో లేదు, ఆ వైపు గుడ్డ లైటు మనిషి మీదికి చిమ్ముతోంది. దానికీ మనిషికీ మధ్య ఒక నల్ల అట్ట నిలబెట్టి, ఆ ముక్క మళ్లీ తీయండి. మా పాఠంలో కుడి చెవి దగ్గర ఇదే వచ్చింది. అట్ట పెట్టి మళ్లీ తీయడానికి పది నిమిషాలు పట్టింది, అంతకుముందు ఆ ఒక్క చెవి మీద ఎడిటింగ్‌లో ఒక పూట గడిపాను.